పాల శీతలీకరణ కేంద్రం బడ్జెట్: ఎండకాలపు లీటరు ఖర్చు, రైతు బిల్లు గడువు - జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

గ్రామాల్లో సేకరించిన పాలను చల్లబరచి ప్రధాన డెయిరీకి పంపే బల్క్ మిల్క్ కూలింగ్ కేంద్రపు బడ్జెట్‌ను సాధారణంగా వార్షిక సగటుపై తయారుచేస్తారు. ఈ సగటు రెండు విషయాలను మరుగుపరుస్తుంది. ఎండకాలంలో పాలు తగ్గినపుడు లీటరు నిర్వహణ ఖర్చు రెట్టింపవుతుంది. రైతుకు ఆలస్యంగా చెల్లించే బిల్లు, రైతు సంస్థకు వడ్డీ లేకుండా ఇచ్చే అప్పుగా మారుతుంది. కోరుట్ల ప్రాంతపు ఒక నమూనా కేంద్రాన్ని లెక్కకు తీసుకొని, శీతలీకరణ, సిబ్బంది, రవాణా, చెల్లింపు గడువు అనే నాలుగు పద్దులకు గల పరస్పర సంబంధాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: పాడి సహకారం, శీతలీకరణ, వెన్న లెక్క, రవాణా ఖర్చు, పాల బిల్లు, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల.

1. పరిశీలన పరిధి

2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగేవరకు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడూ కరీంనగర్ జిల్లాలోనివే. నేడు మొదటి రెండూ జగిత్యాల జిల్లాలోనూ, మూడవది రాజన్న సిరిసిల్ల జిల్లాలోనూ ఉన్నాయి. పరిపాలనా సరిహద్దులు మారినా పాలదారి మారలేదు. పల్లెల్లో సేకరించిన పాలు ప్రధానంగా కరీంనగర్ వైపే ప్రయాణిస్తాయి. ఈ ప్రాంతంలో కరీంనగర్ డెయిరీగా ప్రసిద్ధమైన సంస్థ చట్టరీత్యా నేడు పాల ఉత్పత్తిదారుల కంపెనీ. 'విజయ' పేరుతో పాలు అమ్మే తెలంగాణ రాష్ట్ర పాడి పరిశ్రమాభివృద్ధి సహకార సమాఖ్యది సహకార స్వరూపం. చట్టం వేరైనా కింది స్థాయి నిర్వహణ ఒకటే. గ్రామ కేంద్రం, శీతలీకరణ కేంద్రం, ట్యాంకరు, డెయిరీ, తిరిగి రైతు ఖాతాకు డబ్బు. కాబట్టి ఇక్కడి విశ్లేషణ రెండు రకాల సంస్థలకూ వర్తిస్తుంది.

ఈ వ్యాసంలోని లెక్కలు ఏ ఒక్క సంస్థ ఖాతాల నుండి తీసుకున్నవి కావు. కోరుట్ల పరిసరాల్లో 3,000 లీటర్ల ట్యాంకు గల ఒక నమూనా కేంద్రాన్ని ఊహించి, ధరలనూ వేతనాలనూ అనుకొని వేసిన లెక్కలివి. చలికాలంలో రోజుకు 2,600 లీటర్లు, ఎండకాలంలో 1,200 లీటర్లు వస్తాయని అనుకుందాం. బర్రెలు ఎక్కువగా వానకాలం చివరి నుండి చలికాలం మధ్య ఈనుతాయి. ఆ తర్వాతి నెలల్లో పాలు పెరిగి, పచ్చిమేత తగ్గి ఎండలు ముదిరేసరికి పడిపోతాయి. వరి, మక్క, పసుపు పండే కాలువ కింది గ్రామాల్లో ఈ హెచ్చుతగ్గులు కొంత మెత్తబడవచ్చు. మెట్ట గ్రామాల్లో ఇంకా తీవ్రం కావచ్చు. పాఠకులు తమ ప్రాంతపు అంకెలను పెట్టుకొని లెక్కను తిరిగి వేసుకోవచ్చు. నిలిచేది అంకె కాదు, పద్ధతి.

2. శీతలీకరణ: ఖర్చు కొంచెం, ప్రమాదం పెద్దది

పితికిన పాలు సుమారు 35 డిగ్రీల సెల్సియస్ వద్ద కేంద్రానికి చేరుతాయని అనుకుంటే, వాటిని 4 డిగ్రీలకు దించాలి. వెయ్యి లీటర్ల పాలు దాదాపు 1,030 కిలోలు. కిలో పాల ఉష్ణోగ్రత ఒక డిగ్రీ తగ్గాలంటే సుమారు 3.9 కిలోజౌళ్ల వేడిని తీసివేయాలి. 31 డిగ్రీలకు లెక్కిస్తే ఇది దాదాపు 35 యూనిట్ల శక్తికి సమానం. శీతలీకరణ యంత్రం ఒక యూనిట్ విద్యుత్తుతో రెండున్నర యూనిట్ల వేడిని బయటికి పంపగలిగితే 14 యూనిట్ల విద్యుత్తు చాలు. పంపులనూ నష్టాలనూ కలిపితే చలికాలంలో వెయ్యి లీటర్లకు 16 యూనిట్లు అనుకోవచ్చు. ఎండకాలంలో యంత్రం చుట్టూ ఉన్న గాలే 42, 43 డిగ్రీలకు చేరుతుంది. అదే పనికి యంత్రం ఎక్కువసేపు తిరగాలి గనుక 20 యూనిట్లు అనుకుందాం. పాలు ఎన్ని వచ్చినా తప్పని దీపాలు, కలిపే మోటారు, కడగడానికి వేడినీళ్లకు రోజుకు మరో 12 యూనిట్లు. ఆ ప్రకారం చలికాలంలో రోజుకు 54, ఎండకాలంలో 36 యూనిట్లు అవుతాయి.

విద్యుత్తు విషయంలో ఈ మూడు ఊళ్ల మధ్య ఒక విశేషమైన తేడా ఉంది. జగిత్యాల, కోరుట్లకు ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ కరెంటు ఇస్తుంది. సిరిసిల్ల ప్రాంతానికి ఇచ్చేది 1970లో ఏర్పడిన సహకార విద్యుత్ సరఫరా సంఘం, ప్రజల మాటలో 'సెస్'. పాల సహకారం విద్యుత్ సహకారానికి వినియోగదారుగా ఉండే ఇటువంటి ఏర్పాటు దేశంలో అరుదు. బడ్జెట్ రాసేవారు రెండుచోట్లా చూడవలసినది యూనిట్ ధర ఒక్కటే కాదు. కేంద్రాన్ని ఏ వినియోగ శ్రేణిలో చేర్చారు, కనెక్షన్ సామర్థ్యంపై నెలనెలా పడే స్థిర రుసుము ఎంత అన్నవి కూడా చూడాలి. పాలు సగానికి తగ్గినా ఆ రుసుము తగ్గదు.

స్థిర రుసుముతో కలిపి యూనిట్ రూ.10 అనుకుందాం. జనరేటరు లీటరు డీజిల్‌కు సుమారు మూడు యూనిట్లు ఇస్తే, డీజిల్ రూ.96 వద్ద యూనిట్ రూ.32 పడుతుంది. చలికాలంలో రోజుకు 4 యూనిట్లు, ఎండకాలంలో 9 యూనిట్లు జనరేటరుపై నడిస్తే లీటరు పాలకు శీతలీకరణ ఖర్చు చలికాలంలో 24 పైసలు, ఎండకాలంలో 47 పైసలు. మొత్తం బడ్జెట్‌లో ఇది చిన్న పద్దే. అయితే ఈ చిన్న పద్దులో పొదుపు చేయబోవడం ప్రమాదకరం. నిండు ట్యాంకు ఒక్కరాత్రి పులిస్తే 2,600 లీటర్లు, లీటరు రూ.50 చొప్పున రూ.1,30,000 నష్టం. అది కేంద్రం మొత్తం సిబ్బందికి దాదాపు రెండు నెలల జీతం.

లోపం ముందుగా ఎక్కడ కనిపిస్తుంది? కంప్రెసరు నడిచిన గంటలను ఆ రోజు పాలతో భాగిస్తే తెలుస్తుంది. పాలు పెరగకుండా గంటలు పెరుగుతుంటే వాయువు తగ్గిందనో, కండెన్సరుకు దుమ్ము పట్టిందనో అర్థం. డీజిల్ రసీదులను జనరేటరు గంటల మీటరుతోనూ, కరెంటు పోయిన వేళలు రాసిన పుస్తకంతోనూ సరిచూడాలి. ఈ మూడూ ఒకదానికొకటి పొసగని కేంద్రంలో లోపం యంత్రానిది కాకపోవచ్చు.

3. సిబ్బంది: సెలవు లేని పని

నమూనా కేంద్రానికి ఒక పర్యవేక్షకుడు (రూ.18,000), ఇద్దరు పరీక్షకులు (రూ.13,000 చొప్పున), ఒక సహాయకుడు (రూ.11,000) అనుకుంటే నెలకు రూ.55,000. భవిష్యనిధి వంటి చట్టబద్ధ చెల్లింపులకు సుమారు 13 శాతం కలిపితే రూ.62,150. చాలా బడ్జెట్లు ఇక్కడ ఆగిపోతాయి. ఆదివారమైనా పండుగైనా బర్రె పాలిస్తుంది. నలుగురికీ వారానికొక సెలవు ఇవ్వాలంటే నెలకు 16 దినాల ప్రత్యామ్నాయ మనిషి కావాలి. రోజుకు రూ.450 చొప్పున అది రూ.7,200. ఈ పద్దు లేని బడ్జెట్ ఆచరణలో రెండు రకాలుగా సర్దుబాటవుతుంది. సిబ్బంది సెలవు లేకుండా పనిచేస్తారు, లేదా సాయంత్రం పాల పరీక్షను మొక్కుబడిగా ముగిస్తారు. రెండవదాని మూల్యం వెంటనే కనబడదు గనుక అదే ఎక్కువ కాలం సాగుతుంది.

మొత్తం రూ.69,350, అంటే రోజుకు రూ.2,312. లీటరుకు చలికాలంలో 89 పైసలు, ఎండకాలంలో రూ.1.93.

మొక్కుబడి పరీక్ష మూల్యమెంతో లెక్కించి చూడవచ్చు. పాలకు ధర కట్టేది వెన్న శాతాన్ని బట్టి. కిలో వెన్నకు రూ.800 అనుకుంటే 6 శాతం వెన్న గల లీటరు బర్రెపాలకు సుమారు రూ.50 వస్తుంది. 2,600 లీటర్లు అంటే 2,678 కిలోలు. గ్రామస్థాయిలో వెన్న 0.1 శాతం ఎక్కువగా నమోదైతే రోజుకు 2.68 కిలోల లేని వెన్నకు రూ.2,142 చెల్లించినట్లు. ఇది ఒకరోజు సిబ్బంది ఖర్చుకు దాదాపు సమానం. 0.1 శాతం తక్కువగా నమోదైతే అంత డబ్బూ రైతులు కోల్పోతారు. ఆ నష్టం ఏ ఖాతాలోనూ కనిపించదు.

అందువల్ల కేంద్రంలో డబ్బు ఖాతా పక్కనే వెన్న ఖాతా ఉండాలి. గ్రామాలవారీగా వచ్చిన వెన్న కిలోల మొత్తాన్ని ట్యాంకరులో వెళ్లిన వెన్న కిలోలతో ప్రతి పక్షానికీ సరిచూడాలి. ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు ఒకటుంది. గ్రామంలో కొలత లీటర్లలో, డెయిరీలో తూకం కిలోల్లో ఉంటే, 1.03తో గుణించకుండా పోల్చినపుడు 3 శాతం పాలు ఎక్కడినుండో పుట్టినట్లు కనిపిస్తుంది. ఆ కల్పిత మిగులు నిజమైన నష్టాన్ని కప్పేస్తుంది. సరిగా మార్చి పోల్చిన తర్వాత తేడా ఒకనాడు ఎక్కువ, ఒకనాడు తక్కువగా ఉంటే అది కొలత సహజ చాంచల్యం. ఎప్పుడూ ఒకేవైపు ఉంటే ఎనలైజరు సవరణ తప్పిందని, లేదా క్యానులోని పాలను బాగా కలపకుండా పైపై నమూనా తీస్తున్నారని అనుమానించాలి. వెన్న పైకి తేలుతుంది గనుక పైనమూనా ఎప్పుడూ ఎక్కువ చూపుతుంది. వారానికొకసారి కొన్ని నమూనాలను గెర్బర్ పద్ధతిలో పరీక్షించి ఎనలైజరుతో పోల్చడం దీనికి చౌకైన విరుగుడు.

4. రవాణా: ఖాళీ ట్యాంకరుకూ అదే కిరాయి

రవాణాలో రెండు అంచెలున్నాయి. గ్రామాల నుండి కేంద్రానికి రెండు ఆటోట్రాలీలు ఉదయం, సాయంత్రం తిరుగుతాయి. ట్రిప్పుకు రూ.700 చొప్పున రోజుకు రూ.2,800. ఇది పూర్తిగా స్థిర వ్యయం. క్యాన్లు సగం నిండినా ఆటో అదే దారి తిరగాలి. లీటరుకు చలికాలంలో రూ.1.08, ఎండకాలంలో రూ.2.33.

రెండవ అంచె ట్యాంకరు. కోరుట్ల నుండి జగిత్యాల మీదుగా కరీంనగర్ సుమారు 75 కిలోమీటర్లు. రానుపోను 150 కిలోమీటర్లకు రూ.24 చొప్పున రూ.3,600. 5,000 లీటర్ల ట్యాంకరు రెండు కేంద్రాల పాలతో నిండితే లీటరుకు 72 పైసలు. ఎండకాలంలో ఆ రెండు కేంద్రాలూ కలిసి 2,400 లీటర్లే ఇస్తే రూ.1.50.

ఇక్కడ నిర్వాహకులకు ఒక ఆకర్షణ ఎదురవుతుంది. రోజుకు 1,200 లీటర్లే వస్తున్నపుడు 3,000 లీటర్ల ట్యాంకులో రెండురోజుల పాలు పడతాయి. రోజు విడిచి రోజు ట్యాంకరును పంపితే ఖర్చు మళ్లీ 75 పైసలకు దిగుతుంది. లెక్క సరైనదే, కాని పాలు నిన్నటివి. 4 డిగ్రీల వద్ద కూడా పెరగగల సూక్ష్మజీవులు కొన్ని ఉన్నాయి. వేడిచేసినపుడు అవి చనిపోయినా, అవి విడిచిన ఎంజైములు కొన్ని నిలిచి తర్వాత పెరుగు, పాలపొడి నాణ్యతను చెడగొడతాయి. పాలు రాగానే శుభ్రంగా ఉండి, ట్యాంకు 4 డిగ్రీలను ఎప్పుడూ దాటకపోతే ఈ ఏర్పాటు కొంతవరకు నడుస్తుంది. కరెంటు కోతలు ఎక్కువగా ఉండే ఎండకాలమే ఈ పొదుపు అవసరమయ్యే కాలమూ కావడం దీనిలోని చిక్కు. కాబట్టి మిథిలీన్ బ్లూ పరీక్ష ఫలితాలు నిలకడగా ఉన్న కేంద్రాలకే దీన్ని పరిమితం చేయాలి. మిగిలినచోట్ల మరో కేంద్రాన్ని అదే ట్యాంకరు దారిలో కలుపుకోవడం మేలు.

దూరం గురించి ఒక చిన్నమాట. సిరిసిల్ల నుండి కరీంనగర్ సుమారు 40 కిలోమీటర్లే గనుక అదే ట్యాంకరు నిండుగా వెళ్తే లీటరుకు 38 పైసలు చాలు. కోరుట్ల రైతుకూ సిరిసిల్ల రైతుకూ ఒకే వెన్నకు ఒకే ధర ఇస్తున్నపుడు దగ్గరివారు దూరపువారి రవాణాను కొంత మోస్తున్నారని అర్థం. సహకారంలో ఇది దోషం కాదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. అయితే అది తెలిసి తీసుకున్న నిర్ణయంగా బడ్జెట్‌లో కనబడాలి.

5. రెండు కాలాల లెక్క

కడగడానికి, పరీక్షల రసాయనాలకు రోజుకు రూ.350, అద్దె, మరమ్మతులు, తరుగుదలకు రూ.900 కలుపుకుంటే లీటరు ఖర్చు ఇలా తేలుతుంది. గ్రామ సంఘం కమిషను ఇందులో లేదు.

| పద్దు | చలికాలం (రూ.) | ఎండకాలం (రూ.) |
|---|---|---|
| శీతలీకరణ | 0.24 | 0.47 |
| సిబ్బంది | 0.89 | 1.93 |
| గ్రామాల ఆటోలు | 1.08 | 2.33 |
| ట్యాంకరు | 0.72 | 1.50 |
| శుభ్రత, పరీక్షలు | 0.13 | 0.29 |
| అద్దె, మరమ్మతు, తరుగుదల | 0.35 | 0.75 |
| మొత్తం | 3.41 | 7.27 |

రోజుకు సగటున 1,900 లీటర్లు అనుకొని వేసిన వార్షిక బడ్జెట్ ఈ ఖర్చును రూ.4.60 చుట్టూ చూపుతుంది. చలికాలంలో ఆ అంకెను చూసి మిగులు ఉందని భ్రమపడతారు, ఎండకాలంలో నష్టమని బెదురుతారు. రెండు కాలాల తేడా రూ.3.86. రాష్ట్ర ప్రభుత్వం 2014లో విజయ డెయిరీ రైతులకు ప్రకటించి, 2017లో కరీంనగర్, ముల్కనూరు తదితర డెయిరీల రైతులకు విస్తరించిన లీటరు ప్రోత్సాహకం రూ.4. కేంద్రం నిర్వహణలోని కాలభేదమే ఆ ప్రోత్సాహకంతో దాదాపు సరితూగుతున్నదన్నమాట. ప్రోత్సాహకం రైతుకు చేరవలసిన సొమ్ము గనుక, అది పాల బిల్లుతో పాటే రాదు గనుక, దాన్ని కేంద్రం ఆదాయంలో చూపకుండా వేరే పద్దుగానే ఉంచాలి.

6. బిల్లు గడువు: బడ్జెట్‌లో కనిపించని అప్పు

పక్షానికొకసారి లెక్క కట్టి, పక్షం ముగిసిన ఐదురోజులకు చెల్లించే పద్ధతిని తీసుకుందాం. మొదటిరోజు పోసిన పాలకు రైతు 19 రోజులు, చివరిరోజు పాలకు 5 రోజులు ఆగుతాడు. సగటున 12 రోజులు. చలికాలంలో రోజుకు రూ.1,30,000 విలువైన పాలు వచ్చే ఈ కేంద్రం పరిధిలో ఏ రోజు చూసినా సగటున రూ.15,60,000 రైతుల సొమ్ము సంస్థ చేతిలో ఉంటుంది. దానికి వడ్డీ లేదు, పత్రం లేదు.

గడువును పది రోజులకు తగ్గించి, మూడురోజుల్లో చెల్లిస్తే సగటు నిరీక్షణ ఏడున్నర రోజులు. రైతుల సొమ్ము రూ.9,75,000కు తగ్గుతుంది. మిగిలిన రూ.5,85,000ను సంస్థ బ్యాంకు నుండి తెచ్చుకోవాలి. వడ్డీ 11 శాతమనుకుంటే ఆ మార్పు ఖర్చు లీటరుకు 7 పైసల లోపు. అదే నాలుగున్నర రోజుల ఆలస్యం రైతుకెంత? ఊళ్లో నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చి దాణా కొనే కుటుంబానికి లీటరుకు దాదాపు 15 పైసలు. సంస్థ 7 పైసలతో మోయగల భారాన్ని రైతు 15 పైసలతో మోస్తున్నాడు. ఈ ప్రాంతంలో చాలా ఇళ్లలో మగవారు గల్ఫ్ దేశాల్లో ఉండగా బర్రెలనూ బీడీల పనినీ ఆడవారే చూసుకుంటారు. అటువంటి ఇంటికి పాల బిల్లు తేదీ అంటే దాణా కొట్టుకు బాకీ కట్టే తేదీ.

వడ్డీ కంటే పెద్ద నష్టం మరొకటుంది. బిల్లు చెప్పిన తేదీకి రాకపోతే రైతు వెంటనే సంఘాన్ని విడిచిపెట్టడు. ముందు దాణా తగ్గిస్తాడు, పాలు తగ్గుతాయి. తర్వాత సాయంత్రం పాలను హోటలుకో, రొక్కమిచ్చే ప్రైవేటు ఏజెంటుకో పోస్తాడు. పొద్దటి పాలు మాత్రం సంఘానికే వస్తాయి. కాబట్టి సభ్యుల సంఖ్య నిలకడగా ఉండి, సాయంత్రం పాల వాటా పడిపోవడం బిల్లు ఆలస్యానికి తొలి గుర్తు. ఎండకాలంలో ఇలా పదోవంతు పాలు పోతే, అంటే 1,200 నుండి 1,080 లీటర్లకు తగ్గితే, సిబ్బంది, ఆటోలు, శుభ్రత, అద్దె వంటి రోజుకు రూ.6,362 స్థిర వ్యయం లీటరుకు రూ.5.30 నుండి రూ.5.89కి చేరుతుంది. పెరుగుదల 59 పైసలు. 7 పైసల వడ్డీని తప్పించుకోబోయి ఎనిమిది రెట్లకు పైగా స్థిర వ్యయంలో పోగొట్టుకున్నట్లు.

ఇంత స్పష్టంగా ఉన్నా సంస్థలు గడువును ఎందుకు పొడిగిస్తాయి? ఎక్కువగా అది చలికాలంలో మొదలవుతుంది. పాలు పెరిగినపుడు మిగులును వెన్నగా, పాలపొడిగా మార్చి నిల్వ చేస్తారు. రైతుకివ్వవలసిన డబ్బు గరిష్ఠంగా ఉన్న నెలల్లోనే సంస్థ డబ్బు గోదాములో గట్టిపడి కూర్చుంటుంది. అది అమ్ముడయ్యేది ఎండకాలంలో. ఆ మధ్యకాలానికి బ్యాంకు నిర్వహణ రుణం ముందుగా మంజూరు చేయించుకోని సంస్థకు మిగిలే దారి రైతు బిల్లును జరపడమే. అందువల్ల శీతలీకరణ కేంద్రం బడ్జెట్‌లో మరో రెండు పంక్తులు చేరాలి. మొదటిది, ప్రతి పక్షాంతానికి రైతులకు చెల్లించవలసిన మొత్తం, దాణా, బీమా, అప్పుల కోతలకు ముందటిది. రెండవది, ఆ తేదీకి ప్రధాన డెయిరీ నుండి కేంద్రానికి అందే సొమ్ము. జనవరి రెండో పక్షంలో ఈ రెండు పంక్తుల మధ్య తేడా ఎంతో అక్టోబరులోనే రాసుకోగలిగితే, బ్యాంకును ఎంత అడగాలో ఆ తేడాయే చెబుతుంది.